అమ్మకాలు పదో వంతు తగ్గితే లాభం ముప్పాతిక వంతు పోయింది, లోపం ఎక్కడుంది?

పౌడర్‌కోటు
మాది పౌడర్ కోటింగ్ జాబ్ వర్క్ చేసే చిన్న యూనిట్. ఇతరులు పంపే లోహపు భాగాలను కడిగి, పూత వేసి, ఓవెన్‌లో కాల్చి తిరిగి పంపుతాము. అసలు అంకెలు బయటపెట్టడం ఇష్టం లేదు కనుక నిరుటి అమ్మకాలను 1000గా తీసుకుని మిగిలిన వాటిని ఆ నిష్పత్తిలోకి కుదించి రాస్తున్నాను. నిరుడు పౌడర్, గ్యాస్, రసాయనాలు, ప్యాకింగ్ కలిపి 400 అయింది. షెడ్డు అద్దె, జీతాలు, బీమా, తరుగుదల కలిపి 450. అప్పు మీద వడ్డీ 50. పన్నుకు ముందు లాభం 100 మిగిలింది.

ఈ ఏడాది అమ్మకాలు 900కు తగ్గాయి. పదో వంతు తగ్గుదల కాబట్టి లాభం ఏ 90కో, మహా అయితే 80కో వస్తుందని అనుకున్నాను. లెక్కలు ముగించి చూస్తే మిగిలింది 25. జీతాలు పెంచలేదు, అద్దె పెరగలేదు, కొత్త అప్పు చేయలేదు. మా అకౌంటెంటు మాత్రం «ఇందులో తప్పేమీ లేదు, స్థిర ఖర్చులు ఎక్కువగా ఉంటే ఇలాగే ఉంటుంది» అంటున్నారు. ఆ జవాబుతో నాకు తృప్తి కలగలేదు. ఎక్కడో ఏదో కారుతోందని నా అనుమానం.

రెండోషిఫ్టు
ముందు స్టాకు గదికి తాళం ఎవరి దగ్గర ఉందో చూడండి. నా దగ్గర ఇలాగే లాభం తగ్గినప్పుడు తీరా ఆరా తీస్తే పెయింటు డబ్బాలు రాత్రిపూట గేటు దాటి పోతున్నాయని తేలింది. స్థిర ఖర్చులు లాంటి పెద్ద మాటల వెనుక చాలాసార్లు చిన్న చేతివాటం ఉంటుంది.

పౌడర్‌కోటు
పౌడర్ కొనుగోళ్లను, పూత వేసిన చదరపు మీటర్లతో పోల్చి చూశాను. చదరపు మీటరుకు పడే పౌడర్ నిరుటిలాగే ఉంది. అక్కడ దొంగతనం లేదు.

పాతలెడ్జరు
మీ అకౌంటెంటు చెప్పింది చాలావరకు నిజం, కానీ పూర్తిగా కాదు. ఎందుకో మీ అంకెలతోనే చూద్దాం.

నిరుడు 1000 అమ్మకంలో 400 పని పరిమాణంతో పాటు పెరిగే, తగ్గే చర ఖర్చు. మిగిలిన 600తో ముందు 450 స్థిర ఖర్చులు కట్టాలి, తరువాత 50 వడ్డీ కట్టాలి, ఆ పైన మిగిలిందే మీది. ఇప్పుడు పని పదో వంతు తగ్గిందని అనుకుందాం. 600 కాస్తా 540 అవుతుంది. 450 మాత్రం కదలదు. వడ్డీకి ముందు లాభం 150 నుంచి 90కి పడుతుంది, అంటే పదో వంతు తగ్గుదల నలభై శాతమైంది. స్థిర ఖర్చులు తగ్గుదలను ఇలా పెంచడమే ఆపరేటింగ్ లీవరేజ్. ఆ 90లో నుంచి వడ్డీ 50 తీసేస్తే 40 మిగులుతుంది. నలభై శాతం తగ్గుదల అరవై శాతమైంది. వడ్డీ దాన్ని ఇంకా పెంచడం ఫైనాన్షియల్ లీవరేజ్. మొదటిది నాలుగు రెట్లు, రెండోది ఒకటిన్నర రెట్లు, రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆరు రెట్లు.

కాబట్టి మీరు ఎదురుచూసిన 90 గానీ 80 గానీ వచ్చే అవకాశమే లేదు. కానీ గమనించండి, ఈ లెక్క ప్రకారం మీకు 40 మిగలాలి. మీకు మిగిలింది 25. ఆ 15 తేడాను స్థిర ఖర్చుల మీదికి తోసేయడానికి వీల్లేదు. ఒక్క ప్రశ్న: అమ్మకాల విలువ పది శాతం తగ్గింది సరే, పూత వేసిన చదరపు మీటర్లు ఎంత శాతం తగ్గాయి?

గోడమీదిపిల్లి
తాళంచెవి మనిషికి ఇంకా విముక్తి దొరకలేదన్నమాట.

నిష్పత్తి_నిపుణుడు
ఇంత దూరం వెళ్లనక్కర్లేదు. మొత్తం 850 నిర్వహణ ఖర్చులో 450 స్థిరమైనది, అంటే యాభై మూడు శాతం. స్థిర ఖర్చు వాటా సగం దాటిన ఏ వ్యాపారానికైనా ఆపరేటింగ్ లీవరేజ్ ఎక్కువ, వాటా తక్కువైన దానికి తక్కువ. వాటా మారనంత వరకు లీవరేజ్ కూడా మారదు. జీతాలు, అద్దె తగ్గించుకోవడం ఒక్కటే దారి.

పౌడర్‌కోటు
@పాతలెడ్జరు, మీటర్ల రిజిస్టరు తీసి లెక్క కట్టాను. పని తగ్గింది పది శాతం కాదు, ఆరుంపావు శాతం మాత్రమే. మిగతాది ధర. పెద్ద ఖాతాదారు ఒకరు వెళ్లిపోతామని అన్నప్పుడు వారికి తగ్గింపు ఇచ్చాము, ఆ సంగతి తెలిసి మరో ఇద్దరు అడిగితే వారికీ ఇచ్చాము. సగటున చూస్తే ధర నాలుగు శాతం పడింది. ఇది ఇంత పెద్ద విషయమవుతుందని ఎవరూ అనుకోలేదు.

పాతలెడ్జరు
అదే ఆ 15. లెక్క ఇప్పుడు పైసాతో సహా సరిపోతుంది, చూడండి.

పని ఆరుంపావు శాతం తగ్గడం వల్ల పాత ధరల్లో 62.5 అమ్మకం పోయింది. కానీ ఆ పని చేయలేదు కనుక పౌడర్, గ్యాస్ వగైరాల కింద 25 మిగిలింది. నికరంగా లాభంలో పోయింది 37.5. ఇక మిగిలిన పని మీద నాలుగు శాతం ధర తగ్గించడం వల్ల పోయిన అమ్మకం 37.5. ఇక్కడ మిగిలింది ఏమీ లేదు, ఎందుకంటే తక్కువ ధరకు వేసినా పూతకు పట్టే పౌడర్ అంతే, ఓవెన్‌లో కాలే గ్యాస్ అంతే. కనుక లాభంలో పోయింది కూడా పూర్తిగా 37.5. రెండూ కలిపి 75. మీ 100 నుంచి 75 తీసేస్తే 25.

అమ్మకాల పుస్తకంలో చూస్తే పని తగ్గుదలే పెద్ద నష్టంలా, తగ్గింపు చిన్న విషయంలా కనిపిస్తుంది. లాభంలో చూస్తే రెండూ సరిసమానంగా కొట్టాయి. లీవరేజ్ గుణకాలన్నీ పని పరిమాణం మారితే ఏమవుతుందో చెబుతాయి, ధర మారితే ఏమవుతుందో చెప్పవు. పదో వంతు మొత్తం ధర వల్లనే తగ్గి ఉంటే, పని అంతే ఉన్నా మీ లాభం సున్నా అయ్యేది.

అప్పులేనివాడు
ఇందులో వడ్డీ 50 అనేది లేకపోతే ఇదే ఏడాది 75 మిగిలేది. అప్పు లేనివాడికి అదే గాలివాన చిరుజల్లులా దాటిపోతుంది. నేను వ్యాపారం మొదలుపెట్టిన నాటి నుంచి ఎవరి దగ్గరా అప్పు తీసుకోలేదు, తీసుకోను.

బ్యాంకు_బల్ల
@అప్పులేనివాడు, ఆ పోలిక సరిగా లేదు. అప్పు లేకపోతే ఆ డబ్బు యజమాని సొంతంగా పెట్టాలి. అప్పుడు 75 ఎక్కువ పెట్టుబడి మీద వచ్చిన 75 అవుతుంది. వడ్డీ 50, రేటు పది శాతం అనుకుంటే అప్పు 500. నిరుడు వడ్డీకి ముందు లాభం 150 వచ్చినప్పుడు, ఆ 500 కూడా సొంతంగా పెట్టి ఉంటే సొంత పెట్టుబడి మీద వచ్చే శాతం తగ్గేదో పెరిగేదో మొత్తం పెట్టుబడి ఎంతో తెలిస్తే గానీ చెప్పలేము. మొత్తం పెట్టుబడి మీద వ్యాపారం సంపాదించే రేటు వడ్డీ రేటు కంటే పైన ఉన్నన్నాళ్లు అప్పు యజమానికి లాభమే చేస్తుంది, కిందికి దిగిన రోజు నుంచి అదే అప్పు అంతే వేగంగా నష్టం చేస్తుంది.

నేను రుణాల విభాగంలో పనిచేసిన రోజుల్లో ఇలాంటి ఖాతా బల్ల మీదికి వస్తే లాభం తగ్గిందా అని కాక, వడ్డీకి ముందు లాభం వడ్డీకి ఎన్ని రెట్లు ఉందని ముందు చూసేవాళ్లం. నిరుడు 150కి 50, అంటే మూడు రెట్లు. ఈ ఏడాది 75కి 50, ఒకటిన్నర రెట్లు. అక్కడి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి.

అప్పులేనివాడు
రేటు కిందికి దిగిన రోజు ముందే చెప్పి దిగదు కదా. నా మాట అదే.

పాతలెడ్జరు
@నిష్పత్తి_నిపుణుడు, మీరు చెప్పినదానిలో సగం ఒప్పుకుంటాను. స్థిర ఖర్చు లేకపోతే ఆపరేటింగ్ లీవరేజ్ లేదు, అది మూలం. కానీ వాటా మారకపోతే లీవరేజ్ మారదన్నది నిలవదు.

ఇవే ధరలు, ఇవే ఖర్చులతో నిరుడు ఈ యూనిట్ 1500 అమ్మి ఉంటే, 900 మిగులులోంచి 450 స్థిర ఖర్చు పోయి 450 వచ్చేది. అప్పుడు పని ఒక శాతం తగ్గితే వడ్డీకి ముందు లాభం రెండు శాతమే తగ్గుతుంది. 1000 దగ్గర నాలుగు శాతం తగ్గుతుంది. అదే యంత్రాలు, అదే జీతాలు, అదే అద్దె. మారింది ఒక్కటే, లాభమూ నష్టమూ లేని స్థాయికి వ్యాపారం ఎంత దూరంలో నిలబడి ఉందన్నది.

@పౌడర్‌కోటు, ఈ ఏడాది మీ పరిస్థితిని ఇదే కంటితో చూడండి. 900 అమ్మకంలో 375 చర ఖర్చు పోతే మిగులు 525. వడ్డీకి ముందు లాభం 75, అంటే ఏడు రెట్లు. వడ్డీ పోయాక 25, అంటే మరో మూడు రెట్లు. కలిపితే ఇరవై ఒకటి. నిరుడు ఆరు.

గోడమీదిపిల్లి
ఇరవై ఒక్క రెట్లు! సముద్రంలో ఈదేవాడికి ముక్కు దాకా నీళ్లు వచ్చాయన్న సంగతి ఇంత మర్యాదగా ఎవరూ చెప్పలేదు.

నిష్పత్తి_నిపుణుడు
లాభం సున్నాకు దగ్గరయ్యే కొద్దీ ఆ గుణకం అనంతం వైపు పోతుంది. 25 బదులు 1 మిగిలి ఉంటే మీరు ఐదు వందల చిల్లర రెట్లు అని చెప్పేవారు. అలాంటి అంకెతో ఏ నిర్ణయం తీసుకోగలం? స్థిర ఖర్చు వాటా కనీసం యజమాని చేతిలో ఉండే అంకె.

పాతలెడ్జరు
ఆ అభ్యంతరం సరైనదే. సున్నా దగ్గర ఆ గుణకం పనికిరాదు, దాన్ని తలకిందులు చేసి వాడాలి. ఇరవై ఒకటి అంటే ఇరవై ఒకటో వంతు, అంటే దాదాపు 4.8 శాతం. ఇప్పటి ధరల మీద పని ఇంకో 4.8 శాతం తగ్గితే లాభం సున్నా. నిరుడు ఆ ఎడం ఆరో వంతు, సుమారు 16.7 శాతం. యజమానికి రెట్లు చెప్పడం కంటే ఈ ఎడం చెప్పడం మేలు, ఎందుకంటే దాన్ని ఆయన ఆర్డర్ల పుస్తకంతో నేరుగా పోల్చుకోగలడు.

లెక్కలపంతులమ్మ
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు, కానీ అందరూ జీతాలను గుడ్డిగా స్థిర ఖర్చులో ఎందుకు వేస్తున్నారు? పని తగ్గితే మనుషులను తగ్గించవచ్చు. ఓవర్‌టైమ్ ఆపవచ్చు. అలాగే విద్యుత్తు బిల్లులో ఒక భాగం వాడకాన్ని బట్టి, మరో భాగం ఒప్పుకున్న లోడును బట్టి ఉంటుంది. పైన రాసిన 450 నిజంగా కదలదని ఎలా తెలుసు?

పాతలెడ్జరు
మంచి ప్రశ్న, దీనికి ఖాతా పేర్లు చూసి జవాబు చెప్పకూడదు. ఇరవై నాలుగు నెలల చదరపు మీటర్లను అడ్డంగా, అదే నెలల మొత్తం ఖర్చును నిలువుగా పెట్టి చుక్కలు వేయండి. చుక్కల మధ్య గీసిన గీత ఎంత ఏటవాలుగా ఉందో అది చదరపు మీటరుకు చర ఖర్చు, నిలువు గీతను ఎక్కడ తాకుతుందో అది నెలకు స్థిర ఖర్చు. చాలామంది ఎక్కువ పని జరిగిన నెలను, తక్కువ పని జరిగిన నెలను మాత్రమే తీసుకుని గీత గీస్తారు. ఆ రెండు నెలల్లో ఒకదానిలో ఓవెన్ మరమ్మతు జరిగి ఉంటే మొత్తం లెక్క దారి తప్పుతుంది. మరొక జాగ్రత్త, ఆ గీత మీ చుక్కలు ఉన్న మేరకే నమ్మదగినది. ఏ నెలలోనూ పని సగానికి పడకపోతే, సగం పని దగ్గర ఖర్చు ఎంత ఉంటుందో ఆ గీత చెప్పలేదు.

లెక్కలపంతులమ్మ
ఆ గీత పైకి, కిందికి ఒకేలా పనిచేస్తుందని అనుకోవడం కూడా పొరపాటే. ఆండర్సన్, బ్యాంకర్, జానకిరామన్ అనే ముగ్గురు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, అమ్మకాలు ఒక శాతం పెరిగితే అమ్మకపు, పాలనా ఖర్చులు సగటున 0.55 శాతం పెరిగాయని, ఒక శాతం తగ్గితే 0.35 శాతమే తగ్గాయని తేలింది. పెరిగేటప్పుడు చరంగా ప్రవర్తించిన ఖర్చు తగ్గేటప్పుడు పాక్షికంగా స్థిరంగా మారుతుంది. కనుక జీతాల విషయంలో నేను పైన అన్న మాట ఎంతవరకు చెల్లుతుందో మీ యూనిట్‌ను బట్టి ఉంటుంది.

రెండోషిఫ్టు
ఇది నాకు బాగా తెలిసిన సంగతి. ఆర్డర్లు పెరిగినప్పుడు రెండో షిఫ్టు పెట్టి సూపర్‌వైజరును, ఇద్దరు ఆపరేటర్లను తీసుకున్నాను. ఆర్డర్లు తగ్గాక వారిని పంపలేదు. నైపుణ్యం ఉన్నవారు ఒకసారి పోతే మళ్లీ దొరకరన్న భయం ఒకటి, వచ్చే త్రైమాసికంలో పని వస్తుందన్న ఆశ ఒకటి. అలా మూడు త్రైమాసికాలు గడిచాయి. నాకు పేరు మిగిలింది, షిఫ్టు మిగలలేదు.

పౌడర్‌కోటు
లోపం ఎక్కడుందో అర్థమైంది. ఇప్పుడు అసలు నన్ను వేధిస్తున్న ప్రశ్న అడుగుతాను. పాత ఓవెన్ స్థానంలో తక్కువ గ్యాస్ తాగే కొత్త ఓవెన్ కొనమని సరఫరాదారు వెంట పడుతున్నాడు. అవే కుదించిన అంకెల్లో, 1000 పని మీద చర ఖర్చు 400 నుంచి 340కి దిగుతుంది. ఓవెన్ ధర 200, మొత్తం అప్పుగా దొరుకుతుంది, వడ్డీ ఏడాదికి 20. తరుగుదల, నిర్వహణ కలిపి అదనంగా 30. ఇప్పుడున్న పని మీదే లాభం పెరుగుతుందని కాగితం మీద చూపించాడు. లాభం పెరుగుతుంటే ఆలోచించడం దేనికని అంటున్నాడు.

నిష్పత్తి_నిపుణుడు
చర ఖర్చు తగ్గి, స్థిర ఖర్చు పెరుగుతోంది. అంటే లీవరేజ్ పెరుగుతోంది. ఇప్పటి పరిస్థితిలో వద్దు.

పాతలెడ్జరు
అంత తొందరగా తోసిపుచ్చలేము. ఇప్పటి పని 937.5, ఇప్పటి ధర నాలుగు శాతం తక్కువ. పాత ఓవెన్‌తో లాభం 25. కొత్తదానితో గ్యాస్‌లో 56.25 ఆదా అవుతుంది, అదనపు ఖర్చు 50. లాభం 31.25. సరఫరాదారు అబద్ధం చెప్పలేదు.

అదనపు ఖర్చు 50ని ఆదాతో పూడ్చడానికి ఎంత పని కావాలని అడగండి. ప్రతి 100 పనికి 6 ఆదా కనుక 833. పని 833కి పైన ఉన్నన్నాళ్లు కొత్త ఓవెన్ మేలు, కిందికి దిగితే పాతదే మేలు. పని తిరిగి 1000కి చేరితే లాభం పాత ఓవెన్‌తో 60, కొత్తదానితో 70. పని 750కి పడిపోతే నష్టం పాతదానితో 80, కొత్తదానితో 85. లాభనష్టాలు రెండు వైపులా సాగుతాయి, కానీ ఎక్కువగా కాదు. మీ యూనిట్ చరిత్రలో అతి చెడ్డ సంవత్సరంలో పని ఎంత జరిగింది? ఆ అంకె 833కి పైన ఉంటే నిష్పత్తి_నిపుణుడి భయానికి ఇక్కడ ఆధారం లేదు.

బ్యాంకు_బల్ల
పని విషయంలో మీ లెక్క ఒప్పు, నగదు విషయం మాత్రం అందులో లేదు. లాభం 25 నుంచి 31కి పెరిగినా వడ్డీ 50 నుంచి 70 అవుతుంది. వడ్డీకి ముందు లాభం 75 నుంచి 101కి వెళ్తుంది. 101ని 70తో భాగిస్తే 1.45. ఇప్పుడున్నది 1.5. లాభం పెరిగింది, అప్పు మోసే శక్తి తగ్గింది. ఈ రెండూ ఒకేసారి జరగవచ్చని చాలామంది నమ్మరు.

పైగా వడ్డీ ఒక్కటే కాదు, అసలు కూడా కట్టాలి. 200 అప్పును ఐదేళ్లలో తీర్చాలంటే ఏడాదికి 40. అది లాభనష్టాల ఖాతాలో ఎక్కడా కనిపించదు, లీవరేజ్ గుణకాల్లోనూ కనిపించదు, బ్యాంకు ఖాతాలో మాత్రం కనిపిస్తుంది. రేటు మారే అప్పు అయితే వడ్డీ 20 అన్నది కూడా ఈ రోజు మాట మాత్రమే.

పాతలెడ్జరు
తరుగుదలకు నగదు బయటికి పోదు కదా, అది అసలు కట్టడానికి పనికొస్తుంది. మీరు ఒక వైపే చూపించారు.

బ్యాంకు_బల్ల
పాత యంత్రాల తరుగుదలను పాత అప్పు అసలుకు ఇప్పటికే వాడుతూ ఉంటే కొత్తదానికి మిగిలేది ఏమిటి? పాత కన్వేయరు మార్చవలసిన రోజు వస్తే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? తరుగుదలను నగదుగా లెక్కేసి చెడిన ఖాతాలు చాలా చూశాను.

పాతలెడ్జరు
తరుగుదలను స్థిర ఖర్చులోంచి పూర్తిగా తీసేయమని నేను అనలేదు. ఒకటి రెండు సంవత్సరాల గండం దాటడానికి నగదు లెక్క, పదేళ్ల నిర్ణయానికి లాభం లెక్క చూడాలని నా అభిప్రాయం. ఇందులో మనిద్దరం ఏకీభవించేలా లేము.

లెక్కలపంతులమ్మ
షెడ్డు అద్దెను ఆపరేటింగ్ వైపే వేశారు. 2019 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం లెక్కలు రాసే సంస్థ అయితే, దీర్ఘకాలపు అద్దె ఒప్పందం అప్పులా బ్యాలెన్స్ షీటులోకి వచ్చి, అద్దె కాస్తా తరుగుదలగా, వడ్డీగా విడిపోతుంది. అప్పుడు ఆపరేటింగ్ గుణకం కొంచెం తగ్గి, ఫైనాన్షియల్ గుణకం కొంచెం పెరిగినట్టు కనిపిస్తుంది. యజమానికి వచ్చిన మార్పు ఏమీ ఉండదు, షెడ్డు సొంతదారుకు కట్టేది అంతే. రెండు సంస్థలను పోల్చేటప్పుడు ఇది చూడకపోతే తప్పుదారి పడతాము.

గోడమీదిపిల్లి
ఒకే బరువును కుడి భుజం మీంచి ఎడమ భుజానికి మార్చి, నడుం నొప్పి తగ్గిందా అని అడిగినట్టుంది.

అప్పులేనివాడు
ఓవెన్ కొనకుండా, తగ్గించిన ఆ నాలుగు శాతం ధరను వెనక్కి తెస్తే 37.5 వస్తుంది. ఓవెన్ ఇచ్చేది 6. అప్పు లేదు, వడ్డీ లేదు. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

పౌడర్‌కోటు
ధర పెంచితే ఆ ముగ్గురు ఖాతాదారులు ఉంటారన్న నమ్మకం లేదు. మా పక్కనే ఖాళీ సామర్థ్యంతో కూర్చున్న యూనిట్లు ఉన్నాయి, అవి ఎంతకైనా పని తీసుకుంటాయి.

పాతలెడ్జరు
అదే ఈ రకం వ్యాపారాల జబ్బు. స్థిర ఖర్చు ఎలాగూ కట్టాలి కనుక చర ఖర్చు దాటి వచ్చే ప్రతి ఆర్డరూ లాభంగానే కనిపిస్తుంది. ప్రతి యూనిట్ అలాగే ఆలోచిస్తే ధర చర ఖర్చు దాకా దిగుతుంది, స్థిర ఖర్చు ఎవరికీ రాదు. విమానయానం ఇందుకు పెద్ద ఉదాహరణ. సీటు ఖాళీగా ఎగిరితే వచ్చేది సున్నా కనుక ఎంతకైనా అమ్మాలనిపిస్తుంది. 2020లో ప్రపంచ విమాన ప్రయాణాలు దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయినప్పుడు లీజులు, జీతాలు, అప్పులు మాత్రం అలాగే నిలిచాయి, ప్రభుత్వాలు డబ్బు పెట్టి చాలా సంస్థలను నిలబెట్టవలసి వచ్చింది.

అయితే మీ విషయంలో ముగ్గురూ పోయే అవకాశం, వారితో పాటు పోయే పని ఎంతో విడిగా లెక్కించండి. ఇప్పటి ధరకు పాత ఓవెన్‌తో ప్రతి 100 పనికి మీకు మిగిలేది 56. ధర పాత స్థాయికి తెస్తే 60. అంటే అందరికీ ధర పెంచి, పనిలో పదిహేనో వంతు పోగొట్టుకున్నా మీరు ఇప్పుడున్న చోటే ఉంటారు. అంతకంటే ఎక్కువ పోతుందనుకుంటే పెంచకండి.

పౌడర్‌కోటు
ఆ ముగ్గురి పని కలిపితే మొత్తంలో ఐదో వంతు. కాబట్టి అందరూ ఒక్కసారి వెళితే భరించలేను, ఒక్క చిన్నవారు వెళితే భరించగలను. ముందుగా అతి చిన్న ఖాతాకు పాత ధర రాసి పంపుతాను. ఓవెన్ విషయంలో ఇంకో దారి కనిపించింది. అదే సరఫరాదారు ఓవెన్‌ను అమ్మకుండా మా షెడ్డులో పెట్టి, వాడిన గంటకు ఇంత అని తీసుకుంటాడట. గంట రేటు లెక్కిస్తే మొత్తంమీద కొనడం కంటే కొంచెం ఖరీదు పడుతుంది, కానీ వాడకపోతే కట్టేది ఉండదు.

నిష్పత్తి_నిపుణుడు
ఇది నయం. స్థిర ఖర్చు చర ఖర్చుగా మారింది, పని తగ్గితే బిల్లూ తగ్గుతుంది. ఆ కొంచెం ఖరీదు బీమా ప్రీమియం అనుకోండి.

బ్యాంకు_బల్ల
సంతకం చేసేముందు ఒప్పందంలో కనీస గంటల నిబంధన ఉందేమో చూడండి. ఇలాంటి ఒప్పందాల్లో తరచుగా ఉంటుంది.

పౌడర్‌కోటు
ఇప్పుడే చదివాను. నాలుగో పేజీలో ఉంది. ఇప్పటి వాడకంలో ఎనభై శాతం గంటలకు, వాడినా వాడకపోయినా, కట్టాలి. గడువు మూడేళ్లు.

బ్యాంకు_బల్ల
అయితే ఆ ఎనభై శాతాన్ని స్థిర ఖర్చులో వేసి, పాతలెడ్జరు గారి లెక్క మళ్లీ మొదటి నుంచి చేయండి. ఎనభై శాతాన్ని అరవైకి దించమని కూడా అడగండి. గంట రేటు కొంత పెంచుతామంటే ఒప్పుకునే అవకాశం ఉంది.

రెండోషిఫ్టు
గంటలు ఎవరు లెక్కపెడతారో కూడా అడగండి. మీటరు ఎవరిదైతే తాళం వారిదే.